ఎడమ పక్క లేని తలుపు

మా మనవరాలు ఉమకు దిక్కులు తెలియవు. నింద వేసి చెబుతున్న మాట కాదు, పుట్టినప్పటి నుంచి చూసినదాన్ని. ఏడేళ్లప్పుడు మా నాచారం సందులోనే, మా గేటుకు నాలుగిళ్ల అవతల నిలబడి ఇల్లెక్కడని ఏడుస్తుంటే పాలాయన చెయ్యి పట్టుకుని తెచ్చాడు. ఆ రోజు దాని గౌనుకు ఆకుపచ్చ బొత్తాలు, అందులో ఒకటి ఊడిపోయి ఉంది. నాకు అలాంటివన్నీ గుర్తుంటాయి. చదివింది మూడో క్లాసే అయినా, చూసింది మర్చిపోయిన రోజు లేదు. ఈ కథలో నా గొప్ప అదే, నా తప్పూ అదే.

తొంభై ఆరు ఎండాకాలంలో ఉమ పాలిటెక్నిక్ పరీక్ష రాయడానికి ఉప్పల్ వెళ్లింది. పరీక్ష బాగానే రాసింది. ఇంటికి రావడమే చేతకాలేదు. బస్టాపులో అందరూ ఎక్కుతున్నారని తనూ ఎక్కి, కిటికీలోంచి తెలిసిన దుకాణం ఒక్కటీ కనిపించక, అడగడానికి సిగ్గుపడి, చివరికి చెంగిచెర్లలో దిగింది. చీకటి పడే వేళకు వాళ్ల నాన్న, అంటే నా కొడుకు కనకరాజు, సైకిలు మీద వెతికి తీసుకొచ్చాడు. ఆ తర్వాత రెండు నెలలు ఉమ గేటు దాటలేదు. కూరగాయల బండి వచ్చినా లోపలి నుంచే గిన్నె అందించేది.

ఇంతలో సీటు వచ్చింది. కాలేజీ సికింద్రాబాదు అవతల. స్టేషను దగ్గర బస్సు మారాలి. కనకరాజుది ఫ్యాక్టరీలో షిఫ్టు పని, వెంట వెళ్లలేడు. నా మోకాళ్ల సంగతి సరే సరి. మా కోడలు సారలమ్మకు ఇంటిపని. వెళితే ఉమ ఒంటరిగా వెళ్లాలి, లేకపోతే సీటు వదులుకోవాలి. చేరడానికి ఆఖరి రోజు ఆషాఢం చివర్లో ఒక సోమవారం. అప్పటికి రెండు వారాలుంది.

కనకరాజు కోపిష్టి కాదు, భయస్తుడు. వద్దని గట్టిగా అనలేదు. పక్క వీధిలో కుట్టు నేర్పుతున్నారని మాత్రం రోజూ అన్నం తినేటప్పుడు ఒకసారి అనేవాడు. ఉమ తల వంచుకుని తినేది. సర్టిఫికెట్ల ఫైలు బీరువా మీద అలాగే ఉండేది. పిల్ల దాని వంక చూడకుండా చూడటం నేను చూసేదాన్ని.

మా పక్క వాటాలో ఒకప్పుడు భూషణం అని అద్దెకుండేవాడు. వాళ్లది కోస్తా, ఏదో గవర్నమెంటు లేబరేటరీలో గుమాస్తాగా చేసి మానేశాడు. ఇప్పుడు ఉప్పల్లో బస్టాపు పక్కన టీవీ గేముల దుకాణం పెట్టాడు. పెట్టె, మీటలున్న రెండు రిమోట్లలాంటి బొమ్మలు, క్యాసెట్టు కలిపి శుక్రవారం ఇచ్చి ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా తెచ్చివ్వమంటాడు. పిల్ల మనసు కాస్త మళ్లుతుందని ఒక శుక్రవారం ఆటో మాట్లాడుకుని ఉమను అక్కడికి తీసుకెళ్లాను. అందరూ అడిగే క్యాసెట్టు ఇదేనని ఆయన ఒకటి ఇచ్చాడు.

ఆట ఏమిటంటే, భూమి లోపల ఒక పాడుబడిన కోట. దీపం పట్టుకున్న ఒక చిన్న ఆడపిల్ల అందులో పడిపోతుంది. బయటపడే దారి వెతుక్కోవాలి. టీవీ నిండా ఒక గది. అంచుకు వెళితే ఆ గది పోయి పక్క గది వస్తుంది. గదులన్నీ ఒకదానికొకటి కలిసి ఉంటాయి. కొన్ని తలుపులు మూసి ఉంటాయి, వాటికి కావలసిన వస్తువు ఎక్కడో దూరాన దొరుకుతుంది. అది తీసుకుని వెనక్కి రావాలి. ఆ వెనక్కి రావడమే మా ఉమకు గండం. తాడు దొరికింది కానీ తాడు వెయ్యాల్సిన బావి ఎక్కడ చూసిందో తెలియదు. ఒకే గదిలోకి ఆరుసార్లు వచ్చి ఆరుసార్లూ కొత్త గదనుకుంది. పక్కన కూర్చున్న నేను, ఇందాక వచ్చినమే బిడ్డా అని చెప్పి చెప్పి అలసిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం కనకరాజు వెనకాల నిలబడి కాసేపు చూశాడు. చొక్కా విప్పుకుంటూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"టీవీలున్న కోటల్నే తొవ్వ దొరుకుతలేదు. రెండు బస్సులు మారి పోతదా?"

ఉమ చేతిలో మీటల బొమ్మ కింద పెట్టేసింది. ఆ మాట తగిలిన చోటు నాకు తెలుసు. ఆ రోజు నుంచి ఆ ఆట మా ఇంట్లో ఆట కాకుండా పోయింది.

మళ్లీ శుక్రవారం నేనే బలవంతంగా బయల్దేరదీశాను. భూషణం మమ్మల్ని చూడగానే, పోయినసారి ఆట ఎందాకా వచ్చిందని అడిగాడు. ఉమ మొహం పక్కకు తిప్పుకుంది. జరిగింది నేను చెప్పాను. ఆయన నవ్వలేదు. కళ్లజోడు తుడుచుకుని ఒక్కటే అడిగాడు.

"అత్తయ్యా, మీది కలర్ టీవీయేనా?"

"యాడిది నాయినా, నలుపు తెలుపుదే."

"అదీ సంగతి. అందులో పై కోట ఎరుపు, కింద నీళ్ల మేడ ఆకుపచ్చ, గనులు నీలం. రంగు చూసి ఎక్కడున్నామో తెలుసుకోవాలి. మీ టీవీలో అన్నీ ఒకే బూడిద. ఎవరైనా తప్పిపోతారు."

ఆ మాటకు ఉమ మొదటిసారి తలెత్తింది. తర్వాత ఆయన కౌంటరు మీద మూడు క్యాసెట్లు పరిచాడు. ఒకటి నేరుగా కుడివైపు పరిగెత్తేది, అందులో తప్పిపోవడానికి చోటే లేదు. ఉమ దాన్ని పక్కకు నెట్టింది. తనకు తిరిగి చూడటం ఇష్టమే, తిరిగి రావడమే కష్టమని మెల్లగా చెప్పింది. రెండోది మనమే కాగితం మీద దారి గీసుకోవాల్సినది. మూడోది ఆ దీపం పిల్ల ఆటకే రెండో భాగం, ఇంకో కోట, అది చూపిస్తూ ఆయన కుర్చీ ముందుకు జరిపాడు. అందులో ఆట ఆపే మీట నొక్కితే పటం వస్తుందట. నడిచిన ప్రతి గదీ ఒక చిన్న చదరం, ఎక్కడున్నామో ఆ చదరం మినుకుమినుకుమంటుంది. గదుల్లో కూడా గుర్తులుంటాయి, ఒకచోట పగిలిన కుండ, ఒకచోట గంట. రంగు లేకపోయినా పనికొస్తాయి.

లోపాలు కూడా దాచలేదాయన. పటం గదులనే చూపిస్తుంది, ఏ తలుపు మూసుందో చెప్పదు. పైగా కోట మధ్యనున్న దీపాల గదిలో ఆ రోజుకు ఆట చాలిస్తే కొన్ని అక్షరాలు ఇస్తుంది. మర్నాడు అవి కొడితే సంపాదించిన వస్తువులు వస్తాయి గానీ పటం మాత్రం మళ్లీ ఖాళీగా వస్తుంది. లేస్తుంటే ఉమను ఆపి చెప్పాడు.

"దారి తప్పావనిపిస్తే ముందుకు పోకమ్మా. బాగా గుర్తున్న గదికి వెనక్కి రా. అక్కడి నుంచి లెక్కపెట్టుకో. పటం చూడటం ఓడిపోవడం కాదు, ఎంత ఆడేవాళ్లైనా చూస్తారు."

ఆ మూడోదే తెచ్చుకుని శనివారం పొద్దున్నే మొదలుపెట్టాం. పటం ఖాళీగా వచ్చే సంగతి నాకు మనసులో ముల్లులా ఉంది. నాకు రాత అంతగా రాదు, ముగ్గు వచ్చు. చాక్‌పీసు తీసుకుని టీవీ ముందు షాబాదు బండల నేల మీద కూర్చున్నాను. ఒక గదికి ఒక చుక్క. ఇటు నుంచి అటు వెళ్లగలిగితే గీత. మూసిన తలుపుకు చుక్క పక్కన సున్నా. ఉమ నడుస్తుంటే నేను చుక్కలు పెడుతూ పోయాను. ముప్పై దాటాయి. మధ్యలో దీపాల గది, దానికి నేను చిన్న ప్రమిద బొమ్మ వేశాను. దానికి అటు నాలుగు గదులు, ఇటు నాలుగు గదులు, రెండు కొనల నుంచీ రెండేసి గదులు కిందికి. కుడి కొనన నీళ్లు దాటాక బీటలు వారిన గోడ కనిపించింది. సుత్తి కావాలని తెలిసింది, సున్నా చుట్టాను. సాయంత్రానికి పై గదుల్లో సుత్తి దొరికింది. ఉమ దీపాల గదికి వచ్చి ఆ అక్షరాలు నోటుబుక్కులో రాసుకుంది. అన్నం తింటూ దానంతట అదే రెండు మాటలు మాట్లాడింది. కనకరాజు పళ్లెంలోంచి తలెత్తి చూసి మళ్లీ దించుకున్నాడు. కుట్టు మాట ఎత్తలేదు.

ఆదివారం నేను లేచేసరికి సారలమ్మ ఇల్లంతా తడిగుడ్డ పెట్టేసింది. రోజూ చేసే పనే. ముగ్గన్నది మర్నాటిదాకా ఉంచుకునేది కాదు కదా, ఉంచాలని దానికెందుకు తోస్తుంది? బండలు నల్లగా మెరుస్తున్నాయి. సారలమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఉమ మొహం చూసి నేను తొందరగా అన్నాను.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. నా తలకాయల ఉంది గదా, అంతా."

వేశాను. ఎంతసేపు, పావుగంట. చుక్క తప్పలేదు, వరస తప్పలేదు. నాచారంలో మా వాకిట్లో ముగ్గుకు ఆగి చూడని మనిషి లేడు. ఎడమ సగం, కుడి సగం అద్దంలో చూసినట్టు వచ్చాయి. చూసుకుని మురిసిపోయాను కూడా. తర్వాత ఉమకు చెప్పాను. సుత్తితో పగలగొట్టాల్సిన గోడలు రెండున్నాయి, రెండు కొనలా. కుడివైపు నీళ్లున్నాయి, ప్రాణం పోతుంది. ఎడమ పక్క పొడి దారి, అటు పో.

అలా చెప్పి పిల్లను నేనే అటు పంపాను.

ఎడమ కొనకు రెండు నిమిషాల్లో వెళ్లింది. సుత్తి కొట్టింది. గోడ పగల్లేదు. ఇంకొంచెం పక్కన కొట్టింది. కింద కొట్టింది, ఎగిరి పైన కొట్టింది. పగల్లేదు. నేను తప్పు చోటికి వచ్చిన నాయనమ్మా అంది. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. పై గదిలో చూసింది, కింద చూసింది. గోడలన్నీ తట్టింది. నేను ముగ్గు చూపించి, ఇక్కడే, ఈ సున్నా దగ్గరే అన్నాను. అంటే తనే వేరేచోట ఉందన్నమాట అనుకుంది. ఎప్పుడూ తప్పేది తనే కదా. అలా గంట పోయింది, గంటన్నర పోయింది. దాని వేళ్లు మీటల మీద ఊరికే కదులుతున్నాయి. ఏ గదిలోకి వెళుతోందో చూడకుండానే వెళుతోంది. నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు. లేచి నీళ్లు తాగాను, గేటు దాకా వెళ్లి వచ్చాను. గడియారం మూడు కొట్టింది.

కనకరాజు మధ్యాహ్నం నిద్ర లేచి వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఉమ ఒక్కసారి వెనక్కి, బీరువా మీది ఫైలు వంక చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

ఏడవలేదు. కింది గదుల్లోంచి పైకి ఎక్కి, మెల్లగా నడుచుకుంటూ దీపాల గదికి వచ్చి ఆగింది. ఊపిరి తీసుకుని మళ్లీ బయల్దేరింది. ఈసారి ప్రతి గదికీ ఆగి పటం నొక్కి చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. ఎడమకు ఒకటి, రెండు, గంట ఉన్న గది మూడు, నాలుగు. కిందికి ఒకటి, రెండు. పటంలో చదరం మినుకుమంటోంది. దాన్ని చాలాసేపు చూసింది. కింద బండ మీద నా సున్నా వంక చూసింది. మళ్లీ పటం.

"నాయనమ్మా, నేను సరైన చోటనే ఉన్న."

"మరి గోడ పగుల్తలేదు గదనే."

"పగలదు. ఈడ తలుపు లేదు. నిన్న ఈ పక్క నువ్వు సున్న వెయ్యలే."

నేనా తప్పింది? కోపం వచ్చింది, దాచడమెందుకు. నాకు గుర్తులేనిదంటూ లేదు, అది నీకూ తెలుసు అన్నాను. నా గొంతు పెరిగిందని సారలమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. ఉమ భయపడలేదు. చిత్రం, గొంతు తగ్గించింది.

"నిన్న బీటల గోడ గదిల పగిలిన కుండ ఉండె. ఈ గదిల కుండ లేదు, సూడు. నువ్వు ముగ్గు ఏసినవ్ నాయనమ్మా. ఒక దిక్కు ఏసినంక రెండో దిక్కు చెయ్యి ఊకుంటదా?"

బండల మీద చూసుకున్నాను. ఎడమ సగం, కుడి సగం. అద్దంలో చూసినట్టు. అరవై ఏళ్లుగా ఒక పక్క వేసింది రెండో పక్కా వేసిన చెయ్యి. తల మర్చిపోలేదు, చెయ్యి దాన్ని ఒప్పుకోలేదు. ఆ కోట కట్టినవాడికి ముగ్గుల వరస ఏం తెలుసు? తడిగుడ్డ అడిగి తీసుకుని ఎడమ పక్క సున్నాను నేనే తుడిచాను.

కనకరాజు అప్పుడు మంచం దిగి వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు.

కుడివైపు దారి అంత సులువు కాదు. నీళ్లలో రెండుసార్లు ప్రాణం పోయి దీపాల గదిలో లేచింది. అయినా ప్రతిసారీ అక్కడి నుంచే లెక్క. నాలుగు అటు, రెండు కిందికి. మూడోసారి కుండ కనిపించింది. సుత్తి కొడితే గోడ రాలింది. ఆ తర్వాత ఇంకా పద్దెనిమిది గదులు. కొత్త చుక్కలు ఉమే పెట్టుకుంది, ఒక చేత్తో మీటల బొమ్మ, ఒక చేత్తో చాక్‌పీసు. నేను వేలు పెట్టలేదు. ఐదుకు పది నిమిషాలుందనగా ఆ దీపం పిల్ల మెట్లెక్కి బయటికొచ్చింది. మా టీవీలో ఆకాశం కూడా బూడిద రంగే. అయినా ఎంత వెలుతురో.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కనకరాజు కాసేపు తెర వంక చూసి, గడియారం వంక చూసి, పెట్టె తీగలు తనే విప్పి సంచిలో పెట్టాడు. సంచి ఉమకు అందించాడు.

"ఆరింటికల్ల ఇయ్యాలె గదా. ఇచ్చి రా."

సారలమ్మ నా వంక చూసింది, నేను సారలమ్మ వంక చూశాను. ఉమ చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఉప్పల్ ఎంత దూరమని? హబ్సిగూడలో ఒక బస్సు మారితే చాలు. ఆరున్నరకు రావాలి. ఏడైంది. కనకరాజు మూడుసార్లు గేటు దాకా వెళ్లాడు, నాలుగోసారి సైకిలు తాళం చెవి పట్టుకుని నిలబడ్డాడు. తాళం తీయలేదు. నేను జపమాల తీసుకున్నాను కానీ వేళ్లు చుక్కలు లెక్కపెడుతున్నాయి. ఇంకొక్క బస్సు చూస్తానన్నాడు. అది వెళ్లింది. ఇంకొకటి అన్నాడు. సందు చివర లైటు వెలిగాక, దాని కిందికి ఉమ వచ్చింది. చేతిలో సంచి లేదు.

ఆలస్యమేమిటని వాళ్ల నాన్న అడిగాడు. నేను లోపల దేవుణ్ణి మొక్కుకున్నాను, బస్సు రాలేదని చెప్పవే తల్లీ అని. ఉమకు అబద్ధం రాదు.

"తప్పిపోయిన నాన్నా. పొయ్యేటప్పుడు ఉప్పల్ల దిగకుండ బోడుప్పల్ దాకా పోయిన."

కనకరాజు తాళం చెవిని గట్టిగా పట్టుకున్నాడు. "మరి?"

"తెలిసిన దుకాణం కనవడలే. గందుకే దిగిన. ముందుకు పోలే. కండక్టర్ను అడిగి, ఎదురు బస్సు ఎక్కి, ఉప్పల్ కూడలికి వెనక్కొచ్చిన. ఆడినుంచి లెక్కవెట్టుకున్న. మూడో దుకాణం భూషణం మామది. ఆరుకు రెండు నిమిషాల ముందు ఇచ్చిన. మళ్ల వచ్చేటప్పుడు హబ్సిగూడల బస్సు కోసం నిలవడ్డ, గంతే."

మా ఇంటి గేటు చప్పుడు చేస్తుందని ఎన్నాళ్ల నుంచో నూనె వెయ్యమంటున్నాను. ఆ చప్పుడు విన్నాం, కనకరాజు గేటును అటూ ఇటూ ఊపుతున్నాడు. సైకిలు తాళం చెవి జేబులో వేసుకున్నాడు.

"రేపు టేషన్ కాడ ఎక్కడ మారుతవ్? సూపియ్."

ఉమ చెప్పులతోనే లోపలికి వచ్చేసింది. టీవీ ముందు, ఆ కోట ముగ్గు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. మా ఇంటికి ప్రమిద బొమ్మ వేసింది. ఒక్కో స్టాపుకూ ఒక్కో చుక్క పెడుతూ, ఏ చుక్క దగ్గర ఏం కనిపిస్తుందో వాళ్ల నాన్నను అడిగి చెప్పించుకుంది. సినిమా హాలు, రైలు వంతెన, పెద్ద గడియారం. రోజూ వాటి పక్కనుంచి తిరిగే మనిషి కూడా రెండింటికి తడుముకున్నాడు. బస్సు మారే చోట ఉమ సున్నా చుట్టింది. సారలమ్మ బీరువా మీది ఫైలు దించి దుమ్ము దులిపింది.

దారంతా కుడి పక్కకే వంగి వెళ్లింది. ఎడమ సగమంతా ఖాళీ బండ. చాక్‌పీసు నా మోకాలి దగ్గరే పడి ఉంది. నా చెయ్యి రెండుసార్లు దాని దాకా వెళ్లింది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చుని, రేపు పొద్దున పిల్ల బయల్దేరేదాకా అక్కడ తడిగుడ్డ పెట్టొద్దని సారలమ్మకు చెప్పాను.